జీఆర్‌ఈ ఇష్యూ వ్యాసం: పక్షం స్పష్టంగా ఉంది, బలమైన ప్రతివాదాన్ని ముట్టుకోలేదు. 5 వేయాలా, 3 వేయాలా?

గంటస్తంభం (విజయనగరం)

మా దగ్గర సాధన వ్యాసాలను ఇద్దరు విడివిడిగా 6 మార్కులకి దిద్దుతారు. ఒక్క మార్కు తేడా వస్తే సగటు వేసేస్తాం. ఈసారి ఒకరు 5 వేశారు, ఇంకొకరు 3 వేశారు, ఇద్దరూ పట్టు విడవడం లేదు. అందుకని ఇక్కడ పెడుతున్నాను.

ప్రాంప్టు జీఆర్‌ఈ నడిపే ఈటీఎస్ వాళ్లు బయటపెట్టిన జాబితాలోదే. సారం ఇది: విద్యార్థి రాణించే అవకాశం తక్కువగా ఉన్న చదువుల్లోకి వెళ్లకుండా అతన్ని వారించాల్సిన బాధ్యత విద్యాసంస్థలకు ఉంది. కింద ఇచ్చిన సూచన: ఈ వాదనతో ఎంతవరకు ఏకీభవిస్తారో, ఎంతవరకు విభేదిస్తారో చర్చించండి. మీ పక్షాన్ని సవాలు చేయడానికి పనికొచ్చే అతి బలమైన కారణాలనో ఉదాహరణలనో తప్పకుండా పరిశీలించండి.

వ్యాసం ఇంచుమించు 480 మాటలు, ఆరు పేరాలు. మొదటి పేరాలో "పూర్తిగా ఏకీభవిస్తాను" అని తేల్చి చెప్పాడు. రెండోదాంట్లో చదువు అప్పులు: తప్పు కోర్సులో చేరితే నాలుగేళ్లూ పోతాయి, ఇంటిమీద అప్పు మిగులుతుంది. మూడోదాంట్లో సీట్లు, ల్యాబులు పరిమితం కాబట్టి అవి నెగ్గుకొచ్చేవాళ్లకే దక్కాలని. నాలుగోదాంట్లో, సంస్థ దగ్గర ఏళ్ల తరబడి మార్కుల లెక్కలున్నాయి, అధ్యాపకుల అనుభవం ఉంది, కాబట్టి ఎవరు నెగ్గుతారో విద్యార్థికంటే సంస్థకే బాగా తెలుసని. ఐదోదాంట్లో ప్రతివాదం: "ఇలా చెబితే విద్యార్థి మనసు నొచ్చుకుంటుందని కొందరంటారు. కానీ వైద్యుడు కూడా చేదు నిజం చెప్పాల్సిందే కదా." ఆరోది ముగింపు, మొదటి పేరానే మాటలు మార్చి రాశాడు.

భాష శుభ్రంగా ఉంది. రెండు చోట్ల ఆర్టికల్ తప్పులు, అంతే. ఎంత వేస్తారు?

బొబ్బిలివీణ

నేనైతే 5 వేస్తానండీ. పక్షం మొదటి వాక్యంలోనే తెలిసిపోతోంది. మూడు కారణాలూ ఒకదాని తర్వాత ఒకటి వరసగా వచ్చాయి, ఏ పేరా ఇంకో పేరాలోకి చొరబడలేదు. ఇంగ్లీషు పాఠం చెప్పేవాళ్లకి ఇంత నిండైన పేరాలు దొరకడమే గగనం. ప్రతివాదం కూడా ఉంది కదా, ఐదో పేరా అదే. అది బలమైనదా కాదా అన్నది దిద్దేవాడి అభిప్రాయం. ఆ అభిప్రాయం మీద పిల్లాడికి రెండు మార్కులు కోసేస్తామా?

కోటగుమ్మం

3. ఆలోచించాల్సిన పని కూడా లేదు. ఇష్యూ వ్యాసంలో బలమైన ప్రతివాదానికి ఒక పేరా తప్పనిసరి, ఏ ప్రాంప్టు అయినా సరే. అది లేకపోతే 3 దాటదు. మా బ్యాచ్‌కి మొదటి రోజునే చెప్పేస్తాం: నాలుగో పేరా ప్రతివాదం, ఐదో పేరా దానికి జవాబు.

నాగావళి

కోటగుమ్మం గారూ, ఈ ప్రాంప్టు వరకు మీ మాట చాలామటుకు నిజమే. "ఏ ప్రాంప్టు అయినా" అన్నచోట ఒప్పుకోలేను. ఇష్యూ ప్రాంప్టుల కింద వచ్చే సూచనలు ఆరు రకాలు. ఒకటి, ఆ మాట ఎప్పుడు నిజమవుతుందో ఎప్పుడు కాదో చూడమంటుంది. ఒకటి, సిఫార్సును అమలు చేస్తే ఏ పరిస్థితుల్లో మేలో, ఏ పరిస్థితుల్లో కాదో చెప్పమంటుంది. ఒకటి, రెండు అభిప్రాయాలిచ్చి రెంటినీ తడమమంటుంది. ఒకటి, వాదనతో పాటు దాని వెనక కారణాన్ని కూడా పరిశీలించమంటుంది. విధానం గురించిన దాంట్లో పర్యవసానాలు అడుగుతారు. "మీ పక్షాన్ని సవాలు చేసే అతి బలమైన కారణాలు" అని నేరుగా అడిగేది వీటిలో ఒక్కటే. గంటస్తంభం గారి ప్రాంప్టు సరిగ్గా అదే.

కాబట్టి మార్కు వేసేముందు సూచన చదవాలి. స్కోరింగ్ గైడులో 4, 5, 6 మూడింటికీ మొదటి షరతు ఒకటే: ఇచ్చిన పనికి తగ్గట్టు పక్షం ఉండాలి. 4కి అది స్పష్టంగా ఉంటే చాలు. 5కి స్పష్టతతో పాటు బాగా ఆలోచించి తీసుకున్నదిగా కనబడాలి. 6కి లోతైన చూపు కావాలి. 3 దగ్గర మాట మారుతుంది: ఇచ్చిన సూచనను అరకొరగా పాటించడం అక్కడి లక్షణాల్లో ఒకటి, అలాంటి లక్షణం ఒక్కటి కనబడినా 3 వేయొచ్చు.

ఇప్పుడు వ్యాసం చూద్దాం. ఈ పక్షానికి అతి బలమైన ప్రతివాదం ఏదో తేల్చడానికి నేను చేసేది ఒకటే. రచయిత కారణాల్లో ఏది కూలితే మిగతావన్నీ కూలిపోతాయో వెతుకుతాను. ఇక్కడ అది నాలుగో పేరా. అప్పుల పేరా, సీట్ల పేరా రెండూ "ఎవరు నెగ్గరో ముందే తెలుస్తుంది" అన్న నమ్మకం మీదే నిలబడ్డాయి. తెలియకపోతే వారించడం వల్ల అప్పు తప్పిందని చెప్పలేం, సీటు సరైన మనిషికి దక్కిందనీ చెప్పలేం. కాబట్టి అతి బలమైన ప్రతివాదం "మనసు నొచ్చుకుంటుంది" అన్నది కాదు, "సంస్థ అంచనాయే తప్పు కావచ్చు" అన్నది. వ్యాసంలో దాని ఊసే లేదు.

ఇందులో ఇంకో మెలిక ఉంది, 6 వచ్చే వ్యాసం అక్కడిదాకా వెళ్తుంది. వారించిన విద్యార్థి ఆ కోర్సులో చేరడు. చేరనివాడు నెగ్గేవాడో కాదో ఎప్పటికీ తేలదు. అంటే సంస్థ తన తప్పును చూసుకునే దారిని తనే మూసేసుకుంటోంది. నాలుగో పేరాలో గొప్పగా చెప్పిన "ఏళ్ల తరబడి లెక్కల్లో" ఈ పిల్లలు ఉండనే ఉండరు.

నేను వేసేది 4. కారణం అరసవల్లి గారి ప్రశ్న వచ్చాక చెబుతాను, ఆయన టైపు చేస్తున్నట్టు కనిపిస్తోంది.

అరసవల్లి

అవునండీ, రాస్తున్నాను. నా అనుమానం మెషిన్ గురించి. జీఆర్‌ఈలో ఒక మార్కు మనిషిది, ఒకటి ఈ-రేటర్‌ది కదా. ఇంత శుభ్రమైన భాష ఉంటే మెషిన్ ఎటూ 5 ఇస్తుంది. మనిషి 3 ఇచ్చినా సగటున 4 వచ్చేస్తుంది. మరి ప్రతివాదం గురించి ఇంత తల బద్దలుకొట్టుకోవడం ఎందుకు?

నాగావళి

సగటు అలా పడదండీ. మనిషి మార్కూ ఈ-రేటర్ మార్కూ దగ్గరగా ఉంటేనే సగటు తీస్తారు. దూరంగా ఉంటే రెండో మనిషి చదువుతారు, అప్పుడు ఇద్దరు మనుషుల సగటే చివరి మార్కు. అంటే మీరు నమ్ముకున్న మెషిన్ మార్కు సరిగ్గా అవసరమైనప్పుడే పక్కకి తప్పుకుంటుంది. ఈ-రేటర్ చూసేది వ్యాకరణం, పదాల వాడుక, వ్యాసం ఎన్ని భాగాలుగా నడిచింది, ఒక్కో భాగం ఎంత పొడుగు, ఇలాంటివి. ఐదో పేరాలో ప్రతివాదం గట్టిదా, గడ్డిబొమ్మా అన్నది చూడగలిగేది మనిషే.

ఇక నా 4 సంగతి. మనిషి 3.5 వేయరు, పూర్తి అంకెలే వేస్తారు. చివర్లో కనిపించే అరమార్కు సగటు వల్ల వచ్చేది. కాబట్టి దిద్దేవాళ్లు 3, 4లలో ఏదో ఒకటి తేల్చుకోవాలి. ఈ వ్యాసంలో సూచనను పూర్తిగా వదిలేయలేదు, బలహీనంగానైనా ఒక అభ్యంతరాన్ని ఎత్తుకుని జవాబు చెప్పాడు. పక్షం స్పష్టం, కారణాలు సంబంధమున్నవి, క్రమం బాగుంది. మొత్తంగా చూస్తే సరిపడే స్థాయి, కింది అంచున. ఐదో పేరా లేకుండా ఇదే వ్యాసం వచ్చి ఉంటే 3 వేసేదాన్ని.

కోటగుమ్మం

మేడం, సూచనలు ఆరు రకాలన్నది ఒప్పుకుంటున్నాను. కానీ ఈ వ్యాసానికి 4 ఎలాగండీ? సూచనలో ఉన్నది "అతి బలమైన" అని. అతను తీసుకున్నది అతి బలహీనమైనది. అడిగినది ఇవ్వకుండా ఇంకోటి ఇస్తే అది అరకొరే కదా. పైగా ఐదో పేరాని వ్యాసంలోంచి తీసేసి చదవండి. పక్షంలో ఒక్క మాట మారదు. మొదటి పేరాలో "పూర్తిగా", ఆరో పేరాలోనూ "పూర్తిగా". ప్రతివాదాన్ని నిజంగా పరిశీలించినవాడి ముగింపు మొదట్లో ఉన్నట్టే ఉండదు.

నాగావళి

తీసేసి చదవడం మంచి పరీక్ష, నేనూ దాన్నే వాడతాను. కానీ అది కొలిచేది ఆలోచన లోతును, 5కీ 4కీ మధ్య గీతను. 4కీ 3కీ మధ్య గీత గీయడానికి అది చాలదని నా అభిప్రాయం. ప్రతివాదాన్ని నేరుగా ఖండించిన వ్యాసంలో ముగింపు మారకపోయినా తప్పులేదు. మీరు 3 వేస్తే తప్పని మాత్రం అనను. ఈ వ్యాసం సరిగ్గా అంచు మీద ఉంది.

పలాసజీడి

ఇదేటండి, నాకు అర్థం కాలేదు. అవతలివాళ్ల వాదనలో లొసుగులు పట్టుకునేది రెండో వ్యాసంలో కదా? ఆర్గ్యుమెంట్ వ్యాసం. ఇష్యూలో మన అభిప్రాయం చెబితే చాలని సీనియర్ ఇచ్చిన నోట్సులో ఉంది. నేను రాసింది టెక్నాలజీ మీద ఆధారపడితే మనుషులు సొంతంగా ఆలోచించే శక్తి పోతుందన్న ప్రాంప్టు. అందులో నేను అసలు ప్రతివాదమే పెట్టలేదు. నాకూ 3 యేనా?

గంటస్తంభం

తమ్ముడూ, ఆ నోట్సు పాతవి. 2023 సెప్టెంబరు నుంచి ఆర్గ్యుమెంట్ వ్యాసం తీసేశారు. ఇప్పుడు ఇష్యూ ఒక్కటే, 30 నిమిషాలు. ఇక్కడ మాట్లాడుతున్నది కూడా వేరేవాళ్ల వాదనలో లొసుగుల గురించి కాదు, మన సొంత పక్షం మీదికి వచ్చే దెబ్బ గురించి.

నాగావళి

పలాస బాబూ, నీ ప్రాంప్టు కింది సూచన వేరు. ఆ మాట ఏ విధంగా నిజం కావచ్చో, ఏ విధంగా కాకపోవచ్చో చూడమని, అవి నీ పక్షాన్ని ఎలా మలిచాయో చెప్పమని అడుగుతుంది. ప్రతివాదమని పేరు పెట్టి ప్రత్యేకంగా పేరా రాయనక్కర్లేదు. కానీ నీ వాదన వర్తించని సందర్భం ఒక్కటైనా ఉండాలి. కాలిక్యులేటర్ వల్ల నోటిలెక్క మందగించవచ్చు, అదే కాలిక్యులేటర్ పెద్ద లెక్కలో ఏ సూత్రం వాడాలో ఆలోచించే సమయం ఇస్తుంది. ఈ తేడా చెప్పి, "అందుకే అన్ని రకాల ఆలోచనా కాదు, అభ్యాసంతో నిలిచే నైపుణ్యాలే తగ్గుతాయి" అని పక్షాన్ని సరిచేస్తే సూచన పాటించినట్టే. ఒక వైపే రాసి ఉంటే, మిగతాదంతా బాగుంటే, 4కి అటూ ఇటూగా ఉంటుంది. వ్యాసం చూడకుండా అంకె చెప్పడం సరికాదు.

బొబ్బిలివీణ

నాగావళి గారి వివరణ చదివాక 5 మీద పట్టు పట్టను. బాగా ఆలోచించిన పక్షం అనిపించాలంటే నాలుగో పేరాలోని నమ్మకాన్ని రచయితే ఒకసారి ప్రశ్నించుకోవాలి, నిజమే. కానీ ఒక సందేహం. ఆ అభ్యంతరం అంత గట్టిదైతే, దాన్ని రాయగానే వ్యాసం తనను తానే ఓడించుకోదా? "సంస్థ అంచనా తప్పు కావచ్చు" అని ఒప్పుకున్నాక "వారించాలి" అని ఏ ముఖంతో ముగిస్తాడు? పిల్లలు దాన్ని తప్పించుకునేది ఈ భయంతోనే.

నాగావళి

సరైన ప్రశ్న వేశారు. దారులు ఉన్నాయి. అభ్యంతరమే తప్పని చూపించొచ్చు, కానీ ఈ ప్రాంప్టులో అది కష్టం, ఎందుకంటే అభ్యంతరం నిజం. అభ్యంతరం నిజమే అయినా అవతలి నష్టం ఇంకా పెద్దదని చూపించొచ్చు. అప్పుల పేరా దానికి పనికొస్తుంది, కానీ తప్పుగా వారించబడినవాడి నష్టాన్ని కూడా పక్కన పెట్టి తూచాలి. మూడోది పక్షాన్ని ఇరుకు చేయడం. ఇక్కడ నేను ఎంచుకునేది అదే.

గంటస్తంభం గారి విద్యార్థి వ్యాసంలో ఐదో పేరాని ఇలా మారిస్తే సరిపోతుంది. సారం తెలుగులో రాస్తున్నాను:

"నా పక్షానికి వచ్చే అతి గట్టి సవాలు ఏమిటంటే, ఎవరు నెగ్గరో సంస్థకు నమ్మకంగా తెలియకపోవచ్చు. మొదటి సెమిస్టరు మార్కులు విద్యార్థి సామర్థ్యాన్ని ఎంత చూపుతాయో, అతను ఎలాంటి బడి నుంచి, ఏ భాషలో చదువుకుని వచ్చాడో కూడా అంతే చూపుతాయి. పైగా వారించిన విద్యార్థి ఆ కోర్సులో చేరడు కాబట్టి, సంస్థ తన అంచనా తప్పిందని ఎన్నడూ తెలుసుకోలేదు. ఈ అభ్యంతరం బాధ్యతను రద్దు చేయదు, దాని హద్దు గీస్తుంది. తొలి మార్కులు చూసి వారించకూడదు. పునాది సబ్జెక్టులో అదనపు బోధన ఇచ్చాక కూడా పదేపదే తప్పినప్పుడు, గతంలో అలాంటివారి ఫలితాలు ముందుంచి వారించాలి. తుది నిర్ణయం విద్యార్థిదే."

ఈ పేరా పెట్టాక వ్యాసంలో ఇంకో రెండు చోట్ల మార్చకపోతే కొత్త తప్పు పుడుతుంది. మొదటి పేరాలో "పూర్తిగా ఏకీభవిస్తాను" అలాగే ఉంటే ఐదో పేరాతో పొసగదు. దాన్ని "పునాది లోపం నిలకడగా కనబడినప్పుడు మాత్రమే ఏకీభవిస్తాను" అన్నట్టు తిప్పాలి. నాలుగో పేరాలో "సంస్థకే బాగా తెలుసు" అన్నది "సంస్థ దగ్గర విద్యార్థికి లేని సమాచారం ఉంది" అన్నంతవరకే దించాలి. చాలామంది ప్రతివాదాన్ని చక్కగా రాసి ఈ రెండు వాక్యాల దగ్గరే పోగొట్టుకుంటారు. అప్పుడు చదివేవారికి పక్షం రెండు నాల్కలుగా కనిపిస్తుంది, ఉన్న స్పష్టత కూడా పోతుంది.

కోటగుమ్మం

ఉదాహరణకి రామానుజన్‌ని పెట్టమని మేం చెబుతాం. కాలేజీలో తప్పాడు, ప్రపంచం మెచ్చిన గణితవేత్త అయ్యాడు. సంస్థ అంచనా తప్పుతుందనడానికి అంతకన్నా ఏం కావాలి?

నాగావళి

ఈ ప్రాంప్టుకి అది సరిగ్గా అతకదండీ. రామానుజన్ తప్పింది లెక్కల్లో కాదు, మిగతా సబ్జెక్టుల్లో. వాటిని పట్టించుకోకపోవడం వల్లే కుంభకోణం కాలేజీలో స్కాలర్‌షిప్ పోయింది. "రాణించలేని చదువు నుంచి వారించాలి" అనే సంస్థ ఆయన్ని లెక్కల నుంచి ఎందుకు వారిస్తుంది? జాగ్రత్తగా చదివేవారికి ఆ ఉదాహరణ మీ ప్రతివాదాన్ని బలపరచదు, ప్రాంప్టు పక్షానికే కాస్త దగ్గరగా వెళ్తుంది.

మన దగ్గరి ఉదాహరణ ఇంకా బాగా పనిచేస్తుంది. ఎచ్చెర్ల ట్రిపుల్ ఐటీతో సహా ఆర్‌జీయూకేటీ క్యాంపస్‌ల ప్రవేశాల్లో, పదో తరగతి మార్కులకు నాన్-రెసిడెన్షియల్ ప్రభుత్వ బడుల్లో చదివిన పిల్లలకు 4 శాతం అదనంగా కలుపుతారు. అంటే ఒక విద్యాసంస్థే "మార్కులు ఈ పిల్లల శక్తిని తక్కువ చేసి చూపుతున్నాయి" అని ఒప్పుకున్నట్టు. మార్కుల మీద ఆధారపడి వారించడంలో ఉన్న లోపం దీంతో నేరుగా కనబడుతుంది.

అరసవల్లి

అమెరికాలో కూర్చుని చదివేవారికి ట్రిపుల్ ఐటీ అంటే ఏం తెలుస్తుంది?

నాగావళి

పేరు తెలియనక్కర్లేదు. "మా రాష్ట్రంలో పల్లె పిల్లల కోసం పెట్టిన ఒక సాంకేతిక విశ్వవిద్యాలయం" అని ఒక్క ముక్కలో చెప్పి, ఆ 4 శాతం ఎందుకు కలుపుతారో ఇంకో వాక్యంలో చెప్పాలి. ఉదాహరణ పేరుకన్నా, అది వాదనలో ఏ చోట తగులుతుందో చెప్పే వాక్యమే ముఖ్యం. ఆ వాక్యం లేకపోతే రామానుజన్ అయినా ఎచ్చెర్ల అయినా ఒకటే.

గంటస్తంభం

మేడం, ఇవన్నీ 30 నిమిషాల్లో ఎక్కడ సర్దాలి? మా పిల్లలు ఐదో పేరా దగ్గరికి వచ్చేసరికి నాలుగు నిమిషాలే మిగులుతున్నాయి. "మనసు నొచ్చుకుంటుంది" లాంటివి పుట్టేది ఆ తొందరలోనే.

నాగావళి

అందుకే ప్రతివాదాన్ని రాసే వేళకి వెతక్కూడదు, రఫ్ ప్లాన్ వేసేటప్పుడే పట్టుకోవాలి. మొదటి నాలుగైదు నిమిషాల్లో ముందు కారణాలు రాసుకోమనండి. ఒక్కోదాని పక్కన "ఇది నిజం కావాలంటే ఇంకేం నిజమై ఉండాలి?" అని ఒక ముక్క రాయమనండి. అప్పుల పక్కన "ముందే తెలియాలి", సీట్ల పక్కన "ముందే తెలియాలి". ఒకే ముక్క రెండుసార్లు వచ్చిందంటే అతి బలమైన ప్రతివాదం దొరికినట్టే. పక్షం వాక్యం ఆ తర్వాత రాయాలి. అప్పుడు "పూర్తిగా" అన్న మాట దానంతటదే జారిపోతుంది.

ఇంకా తక్కువ సమయమే ఉందంటే మూడో పేరా వదిలేయమనండి. సీట్ల కారణం అప్పుల కారణానికి పెద్దగా ఏమీ కలపడం లేదు. మూడు కారణాలు, ఒక డొల్ల ప్రతివాదం ఉన్న వ్యాసంకన్నా రెండు కారణాలు, ఒక నిజమైన ప్రతివాదం ఉన్నదానికే ఈ సూచన కింద ఎక్కువ వస్తుంది. పరీక్షలో ఇచ్చే ఎడిటర్‌లో కట్, పేస్ట్ ఉంటాయి, స్పెల్‌చెక్ ఉండదు. చివరి మూడు నిమిషాల్లో మొదటి పేరాకి వెళ్లి పక్షం వాక్యం ఐదో పేరాతో కలుస్తోందో లేదో చూసుకోవడం అలవాటు చేయించండి. అక్షర దోషాలు ఆ తర్వాత.

బొబ్బిలివీణ

కారణం వదిలేయమనడం నాకు కాస్త ఇబ్బందిగానే ఉంది. పేరాలు తగ్గితే మెషిన్ చూసే పొడుగు కూడా తగ్గుతుంది కదా. సీట్ల పేరాని రెండు వాక్యాలకి కుదించి అప్పుల పేరాలో కలిపేస్తే?

నాగావళి

అదీ బాగుంటుంది, రెండూ ఖర్చు గురించే కాబట్టి అతుకు కనబడదు. కొత్త ఐదో పేరా పాతదానికి రెండింతలు ఉంటుంది కనుక మొత్తం మాటలు పెద్దగా తగ్గవు.

కోటగుమ్మం

ప్రతివాదాన్ని ఐదో పేరాలో కాకుండా రెండో పేరాలోనే పెట్టేస్తే ఎలా ఉంటుందండీ? ముందే తేల్చేసుకుంటే పక్షం ఎందుకు ఇరుకైందో చదివేవారికి మొదట్నుంచీ తెలుస్తుంది.

నాగావళి

పెట్టొచ్చు. ఎక్కడ పెట్టాలన్న నియమం ఏదీ లేదు, రాసేవారి ఇష్టం. ఈ వ్యాసంలో మాత్రం నాలుగో పేరాలోని నమ్మకం ఏమిటో తెలిస్తేనే అభ్యంతరం అర్థమవుతుంది, అందుకే దాని వెనకే ఉంచాను. మీ పద్ధతిలో రాయాలంటే నాలుగో పేరాని కూడా ముందుకు తేవాలి. అలా రాసిన వ్యాసం ఒకటి పెట్టండి, చూద్దాం.

గంటస్తంభం

దిద్దిన ఇద్దరికీ ఈ చర్చ చూపించాను. 5 వేసినవారు 4కి దిగారు. 3 వేసినవారు కోటగుమ్మం గారి వైపే ఉన్నారు, "అతి బలమైన" అన్న మాట సూచనలో ఉండగా 4 ఇవ్వలేనంటున్నారు. ఇప్పటికి ఒక్క మార్కే తేడా కాబట్టి 3.5 రాసి, ఐదో పేరాతో పాటు మొదటి, నాలుగో పేరాలు కూడా మళ్లీ రాసుకురమ్మని వ్యాసం వెనక్కిచ్చాం. కోటగుమ్మం గారూ, ప్రతివాదం రెండో పేరాలో ఉండే పద్ధతిలో కూడా ఒకటి రాయమన్నాను. రాగానే రెండూ ఇక్కడే పెడతాను.